మబ్బు నల్లగా కనిపించే చోటు

హైదరాబాద్‌లో రాత్రి పదింటికి డాబా మీదికెక్కి చూస్తే ఆకాశంలో మబ్బు తునక తెల్లగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఆకాశం కన్నా అదే వెలుగుగా ఉంటుంది. కింద నగరం పైకి చిమ్ముతున్న దీపకాంతి మబ్బు అడుగున పడి వెనక్కి రావడమే దీనికి కారణం. అదే మబ్బును ఏ పెద్ద ఊరికీ దగ్గరగా లేని అడవి అంచున చూస్తే కథ తిరగబడుతుంది. అక్కడ కింది నుంచి వెలుగు లేదు కాబట్టి మబ్బు నల్లగా ఉంటుంది. నక్షత్రాలను మింగేసిన చీకటి మడుగులా కదులుతూ పోతుంది. ఒక చోటు ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి ఏ పరికరమూ అక్కర్లేని మొదటి పరీక్ష ఇదే. నడినెత్తిన మబ్బు తెల్లగా ఉంటే నక్షత్రాల కోసం ఇంకా దూరం వెళ్లాలి.

అమెరికాకు చెందిన అనుభవజ్ఞుడైన ఆకాశ పరిశీలకుడు జాన్ బార్టిల్ ఇలాంటి గుర్తులన్నిటినీ కలిపి 2001లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికలో తొమ్మిది మెట్ల స్కేలు ఒకటి ఇచ్చాడు. ఒకటి అంటే మనిషి దీపం సోకని చీకటి. తొమ్మిది అంటే మహానగరం నడిబొడ్డు. ఆయన మెట్లను ఏదో అంకెతో కాక కంటికి కనిపించే వాటితో నిర్వచించాడు. ఏడో మెట్టులో పాలపుంత జాడ దాదాపుగా ఉండదు. ఐదో మెట్టులో నడినెత్తిన పలచగా ఉంటుంది, అంచులకు వచ్చేసరికి చెరిగిపోతుంది. నాలుగులో బాగానే కనిపిస్తుంది గానీ లోపలి చీలికలు, నల్లటి పాయలు తెలియవు. మూడుకు చేరాక ఆ పాయలు విడివిడిగా కనిపిస్తాయి, వెలుగు మరక ఆకాశపు అంచులకే పరిమితమవుతుంది. మబ్బులు అంచుల దగ్గర తెల్లగా, నెత్తిన నల్లగా ఉండేది ఈ మెట్టులోనే. రెండు కల్లా అన్ని మబ్బులూ నల్లబడతాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక రాత్రి ప్రయాణంలో చేరగలిగేవి ఎక్కువగా నాలుగు, మూడు మెట్లే. వాటి కోసం పడే కష్టం వృథా కాదు. ఐదు నుంచి మూడుకు వెళితే ఆకాశం మునుపటిలా ఉండదు.

ఎంత దూరం వెళ్లాలి అన్నదే అందరూ అడిగే మొదటి ప్రశ్న. దీనికి చేతిలెక్క ఒకటి ఉంది. ఖగోళ శాస్త్రవేత్త మెర్ల్ వాకర్ 1970లలో కాలిఫోర్నియా పట్టణాల వెలుగును కొలిచి రాబట్టిన సూత్రమిది. ఊరి జనాభాను 100తో భాగించాలి. ఊరి నుంచి ఉన్న దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని వర్గం చేసి, దాన్ని అదే దూరపు వర్గమూలంతో గుణించాలి. మొదటి సంఖ్యను రెండో దానితో భాగిస్తే వచ్చేది, ఆ ఊరి దిక్కున సగం ఎత్తులో ఆకాశపు సహజమైన మసక వెలుగుకు ఊరు ఎంత కలుపుతోందో చెబుతుంది. ఫలితం 1 వస్తే ఆ దిక్కున ఆకాశం రెట్టింపు వెలుగుతో ఉందని అర్థం. 0.1 వస్తే పదో వంతే ఎక్కువ, అది కంటికి పెద్దగా తెలియదు.

హైదరాబాద్ జనాభాను కోటి అనుకుందాం. వందో వంతు లక్ష. వంద కిలోమీటర్ల దూరానికి వర్గం పది వేలు, వర్గమూలం పది, రెండూ గుణిస్తే లక్ష. అంటే ఫలితం సరిగ్గా 1. వంద కిలోమీటర్లు పోయినా నగరం వైపు ఆకాశం రెట్టింపు వెలుగుతోనే ఉంటుంది. రెండు వందల కిలోమీటర్లకు వెళితే అది ఐదో వంతు కన్నా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, ఐదున్నర రెట్లకు పైగా తగ్గుతుందన్నది ఇక్కడ పట్టుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు అదే లెక్కను ముప్పై వేల జనాభా ఉన్న ఒక చిన్న పట్టణానికి, పది కిలోమీటర్ల దూరానికి వేసి చూడండి. మూడు వందలను మూడు వందల పదహారుతో భాగించాలి. ఫలితం మళ్లీ దాదాపు 1. వంద కిలోమీటర్ల అవతలి హైదరాబాద్ ఎంత నష్టం చేస్తుందో, పది కిలోమీటర్లలోని మండల కేంద్రం అంతే చేస్తుందన్నమాట. నగరం నుంచి దూరంగా పారిపోయి తీరా ఓ చిన్న పట్టణం ఒళ్లో కూర్చోవడం ఈ ప్రయాణాల్లో తరచూ జరిగేదే. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది, గాలి చల్లగా తేటగా ఉంటుంది. కానీ లక్షకు పైగా జనం ఉన్న మదనపల్లె సూటి దూరంలో సుమారు పదిహేను కిలోమీటర్లలో, ఆగ్నేయాన ఉంది. ఆ దిక్కున ఆకాశం రెట్టింపు పైనే వెలుగుతుంది.

వాకర్ కొలిచింది యాభై ఏళ్ల నాటి అమెరికా వీధి దీపాలను. మన ఊళ్లలో తలకు ఎంత వెలుగు పడుతుందో, దీపాల మీద మూతలున్నాయో లేదో, మధ్యలో కొండ అడ్డు వచ్చిందో ఈ సూత్రానికి తెలియదు. కాబట్టి దీన్ని రెండు చోట్లను పోల్చడానికే వాడాలి. చరిత్రను చదవడానికి కూడా బాగానే పనికొస్తుంది. నిజాం కాలం నుంచి బేగంపేటలో ఉన్న వేధశాల చుట్టూ నగరం పెరిగిపోతుంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును 1960ల చివర్లో నగరానికి ఆగ్నేయాన, జాపాల-రంగాపూర్ గ్రామాల దగ్గర నిలబెట్టింది. నగరం మధ్య నుంచి సూటిగా నలభై కిలోమీటర్ల పైచిలుకు. 1971 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్‌లో ఉన్నది దాదాపు 18 లక్షల మంది. ఆ జనాభాతో సూత్రం వేస్తే ఒకటిన్నర వస్తుంది. కోటితో వేస్తే ఎనిమిదిన్నర దాటుతుంది. టెలిస్కోపు ఉన్నచోటే ఉంది, ఆకాశమే మారిపోయింది.

ఇక పటాల సంగతి. lightpollutionmap.info తెరిస్తే ప్రపంచమంతా రంగుల్లో కనిపిస్తుంది. నగరాలు ఎర్రగా తెల్లగా, పల్లెలు పచ్చగా నీలంగా, అడవులు నల్లగా ఉంటాయి. అందులో ఒక పొర 2016లో ఫాబియో ఫాల్కి బృందం విడుదల చేసిన ప్రపంచ కృత్రిమ కాంతి పటం. మరో పొర ఉపగ్రహం నేరుగా చూసిన వెలుగు. రెండింటినీ ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలిసుండాలి. ఆ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో. రాత్రి పదకొండుకు ఆరిపోయే దుకాణాల బోర్డులు, కల్యాణ మండపాల దీపాలు దాని కంటపడవు. పైగా దాని సెన్సరుకు నీలి కాంతి సరిగా కనిపించదు. పాత పసుపుపచ్చ సోడియం దీపాలు తీసి తెల్ల ఎల్‌ఈడీలు బిగించిన ఊరు ఉపగ్రహానికి మునుపటి కన్నా చీకటిగా కనిపించవచ్చు. నేల మీది మనిషికి మాత్రం ఆకాశం ఇంకా తెల్లబడుతుంది, ఎందుకంటే గాలి నీలి కాంతినే ఎక్కువగా చెదరగొడుతుంది. 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ తేడానే బయటపెట్టింది. క్రిస్టఫర్ కైబా బృందం 2011 నుంచి 2022 దాకా మామూలు జనం పంపిన యాభై వేలకు పైగా నక్షత్ర పరిశీలనలను విశ్లేషించింది. ఆకాశపు వెలుగు ఏడాదికి సగటున 9.6 శాతం చొప్పున పెరుగుతోందని తేల్చింది. ఉపగ్రహాలు చూపిన పెరుగుదల అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి పటం చూపిన మెట్టుకు మరో అర మెట్టు తగ్గించుకుని వెళ్లడం మేలు.

పటం అసలే చూపలేనిది ఇంకొకటి ఉంది. ఊరి కూడలిలో హైమాస్ట్ దీపం, రిసార్టు గేటు మీది ఫ్లడ్‌లైటు, మోటారు షెడ్డు మీది ఒంటి బల్బు. ఆకాశం ఎంత నల్లగా ఉన్నా కంటికి ఎదురుగా ఒక్క దీపం ఉంటే చాలు, రాత్రి పాడైనట్టే. బస బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి ‘రాత్రి ఆవరణలో దీపాలు ఆర్పుతారా?’ అని అడగడం పటం చూడటంతో సమానమైన పని.

ఒక ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా లెక్కగట్టి చూద్దాం. బయల్దేరేది హైదరాబాద్ నుంచి, సమయం మార్చి నడిమధ్య, గమ్యం నల్లమల అంచున ఉన్న మన్ననూరు. రోడ్డు మీద సుమారు 140 కిలోమీటర్లు, సూటిగా 110 నుంచి 120 మధ్య. వాకర్ లెక్కలో హైదరాబాద్ వాటా 0.6 నుంచి 0.8 దాకా వస్తుంది. ఇది పెద్ద అంకెలాగే ఉంది, మరి ఈ చోటే ఎందుకు? దిక్కు వల్ల. మన్ననూరుకు హైదరాబాద్ ఉత్తరాన ఉంది. దగ్గరి పట్టణం అచ్చంపేట కూడా వాయవ్యం వైపే. దక్షిణాన ఉన్నది నల్లమల, కృష్ణా లోయ, ఆ వైపు చెప్పుకోదగ్గ ఊరు శ్రీశైలం ఒక్కటే. దాని వాటా ఈ లెక్కలో నామమాత్రం. పాలపుంత నడిబొడ్డు, వృశ్చికం, అగస్త్యుడు, మన దేశపు ఉత్తరాన ఉన్నవాళ్లకు సరిగా అందని దక్షిణ నక్షత్రాలు అన్నీ మనకు దక్షిణపు ఆకాశంలోనే ఉంటాయి. నగరం ఉత్తరాన ఉంటే దాని వెలుగు వీపు వెనకే ఉండిపోతుంది. అదే దూరం ఉత్తరానికి వెళితే చూడాల్సిన దిక్కునే హైదరాబాద్ వెలుగు కాచుకుని ఉంటుంది. ఎంత దూరం అన్నదాని కన్నా ఏ దిక్కుకు అన్నది ముందు తేల్చుకోవాలి.

తేదీ ఎంచుకోవడానికి తెలుగువాళ్లకు ఇంట్లోనే సాధనం ఉంది. గోడ క్యాలెండరులో తిథి చూస్తే చాలు. బహుళ దశమి నాడు చంద్రుడు రాత్రి రెండింటి ప్రాంతంలో ఉదయిస్తాడు, అప్పటిదాకా చీకటే. శుద్ధ తదియ నాడు ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య అస్తమిస్తాడు, ఆ తర్వాత చీకటే. ఈ రెండు తిథుల మధ్య ఏ రాత్రయినా పనికొస్తుంది. కానీ తెల్లవారుజాము ఆకాశం కూడా కావాలంటే చతుర్దశి, అమావాస్య, పాడ్యమిలలో ఏదో ఒకటి పట్టుకోవాలి. మార్చిలో అయితే ఉగాదికి ముందు వచ్చే ఫాల్గుణ అమావాస్య చుట్టూ ఉన్న రాత్రులు. ఉగాదికి ఈ దారిలో శ్రీశైలం వెళ్లే భక్తుల రద్దీ ఎక్కువ కాబట్టి పండగ ఏ రోజు పడిందో చూసుకుని ముందే వెళ్లి రావడం మంచిది. మహాశివరాత్రి కూడా చంద్రుడు లేని రాత్రే అయినా ఆ రోజు ఈ రోడ్డుకు చీకటి అన్నది ఉండదు.

మన్ననూరు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి రోడ్డు మూసేస్తారు. కాబట్టి కారు ఎక్కడో అడవిలో ఆపి ఆకాశం చూద్దామన్న ఆలోచన మానుకోవాలి. అది నేరం కూడా, ప్రమాదం కూడా. ముందే బస మాట్లాడుకుని, సాయంత్రం ఐదుకల్లా చేరుకుని, దక్షిణం వైపు చెట్లు అడ్డులేని చోటును వెలుతురులోనే చూసుకోవాలి. చీకట్లో వెతికితే ఏ చెట్టు వెనక ఏ నక్షత్రం దాక్కుంటుందో తెలియదు.

పగలు చేయాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది. అరచేతిని చాచి సూర్యుణ్ని మాత్రం కప్పి, చేతి చుట్టూ ఆకాశం రంగు చూడాలి. ముదురు నీలం చేతి అంచు దాకా వస్తే గాలి తేటగా ఉన్నట్టు. సూర్యుడి చుట్టూ పాల రంగు పరుచుకుని ఉంటే గాలిలో దుమ్మో, పొగో, తేమో ఉంది. ఆ రాత్రి మబ్బు లేకపోయినా చిన్న నక్షత్రాలు చావు తప్పి కన్ను లొట్టపోయినట్టే కనిపిస్తాయి. మార్చిలో నల్లమలలో ఆకులు రాలి ఎండి ఉంటాయి, కార్చిచ్చు పొగ ఈ కాలపు అసలు సమస్య. వర్షాకాలం వెళ్లిన వెంటనే గాలి కడిగినట్టు ఉంటుంది గానీ మబ్బుల బెడద ఉంటుంది. ఏ నెలకూ పూర్తి హామీ లేదు.

సూర్యాస్తమయం ఆరున్నరకు కాస్త ముందు. అసలు చీకటి పడేది సూర్యుడు అంచు కిందికి 18 డిగ్రీలు దిగాక. మన అక్షాంశంలో దానికి గంటా పావు పడుతుంది, అంటే ఏడూ నలభై ప్రాంతం. అప్పటికి కళ్లు చీకటికి అలవాటు పడి ఉండాలి. కంటి రెటీనాలో చీకటిని పట్టే పదార్థం తిరిగి ఊరడానికి ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. ఫోన్ తెర ఒక్కసారి వెలిగితే ఆ గడియారం మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే ఈ చిక్కు తగ్గుతుంది.

ఎనిమిదింటికి పరీక్షలు మొదలు. విదేశీ పుస్తకాలు ఉత్తరాన ధ్రువుడి దగ్గరి చిన్న సప్తర్షి చుక్కలను లెక్కపెట్టమంటాయి. మనకు ధ్రువుడు పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఆ దిక్కున దుమ్ము, పైగా ఇక్కడ నగరపు వెలుగు. అది మనకు పనికిరాని పరీక్ష. దాని బదులు పడమటి ఆకాశంలో సగం ఎత్తున ఉన్న కృత్తికలను, పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపును చూడాలి. నగరంలో నాలుగో ఐదో విడివిడిగా తెలుస్తాయి. ఆరు తేలికగా వస్తే ఆకాశం పర్వాలేదు. ఏడోది, ఎనిమిదోది కూడా అందితే ఆకాశమూ బాగుంది, కళ్లూ బాగున్నాయి. చూపులో తేడా ఉన్నవాళ్లకు ఈ లెక్క తప్పుతుంది కాబట్టి రెండో పరీక్ష కావాలి. తొమ్మిది దాటాక పుష్యమి నక్షత్రం ఉన్న కర్కాటకం నడినెత్తికి వస్తుంది. అక్కడ మసకగా, చిన్న మబ్బు తునకలా ఒక తారల గుంపు ఉంది. నేరుగా కాక కొంచెం పక్కకు చూస్తే బాగా తెలుస్తుంది. నగరంలో అది మామూలు కంటికి అస్సలు ఉండదు. వెతకకుండానే కంటబడితే మెట్టు ఐదు కన్నా మంచిదే.

ఈ కాలంలో అసలు పరీక్ష పడమట ఉంటుంది. చీకటి పడగానే సూర్యుడు దిగిన చోటు నుంచి కృత్తికల వైపు ఏటవాలుగా లేచే ఒక మసక వెలుగు స్తంభాన్ని రాశిచక్ర కాంతి అంటారు. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న ధూళి మీద పడిన సూర్యకాంతి అది. చాలామంది దాన్ని ఏదో ఊరి వెలుగు అనుకుని పెదవి విరుస్తారు. తేడా పోల్చుకోవడం సులువు. ఊరి వెలుగు అంచున వెడల్పుగా పరుచుకుని ఎంతసేపైనా అక్కడే ఉంటుంది. రాశిచక్ర కాంతి పొడవుగా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ, గంటలో నక్షత్రాలతో పాటు పడమటికి దిగిపోతుంది. అది సగం ఆకాశం దాకా ఎక్కితే మూడో మెట్టు దక్కినట్టే.

అప్పుడే నడినెత్తి మీదుగా దక్షిణాన అగస్త్యుడి పక్కకు దిగే పాలపుంతను చూసి కొందరు నిరాశపడతారు. ఇంత దూరం వచ్చింది ఈ పలచటి పట్టీ కోసమా అనిపిస్తుంది. అది పాలపుంత వెలుపలి వైపు, చుక్కలు తక్కువ ఉన్న భాగం. అది కాస్తైనా కనిపించడమే చోటు మంచిదనడానికి రుజువు. నడిబొడ్డు భాగం తెల్లవారుజామున వస్తుంది. అందుకే పదకొండుకు పడుకుని రెండింటికి లేవాలి. అప్పటికి దక్షిణాన ఇరవై ఆరు డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ అనే గోళాకార తారల గుంపు, ఒక మసక చుక్కలా ఉంటుంది. బైనాక్యులర్ పెడితే గుండ్రటి పొగమంచు ముద్ద. నాలుగున్నరకు జ్యేష్ఠ దాదాపు దక్షిణానికి వచ్చి వృశ్చికం మొత్తం నిలబడి ఉంటుంది, దాని ఎడమ పక్కన పాలపుంత అసలు రూపం, నల్లటి పాయలతో సహా. ఐదుంపావుకు తూర్పు తెల్లబారుతుంది.

అంకెల్లో రాసుకోవాలనుకునేవారికి స్కై క్వాలిటీ మీటర్ అనే అరచేతి పరికరం దొరుకుతుంది. నడినెత్తికి గురిపెట్టి మీట నొక్కితే ఒక సంఖ్య ఇస్తుంది. సంఖ్య పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. నగరంలో 17, 18 ప్రాంతం, మంచి పల్లెలో 21, సహజ చీకటికి 22కు దగ్గర. ఒక్క అంకె తేడా అంటే రెండున్నర రెట్ల వెలుగు తేడా. ఒకే రాత్రిలో తొమ్మిదింటికి, అర్ధరాత్రికి, నాలుగింటికి మూడుసార్లు తీసుకుంటే ఆ చుట్టుపక్కల ఊళ్ల దీపాల తీరు బయటపడుతుంది. రాత్రి గడిచేకొద్దీ సంఖ్య పెరిగితే, సాయంత్రం కనిపించిన వెలుగులో కొంత ఆర్పదగిన దీపాలదే. పెరగకపోతే అది రాత్రంతా వెలిగే వీధి దీపాలది, ఆ చోటు ఏ వేళకు వెళ్లినా అంతే. నాలుగింటికి పాలపుంత నడిబొడ్డు పైకి ఎక్కి ఉంటే పరికరం దాని వెలుగును కూడా లెక్కలో వేసి సంఖ్యను కొద్దిగా తగ్గిస్తుంది. కాబట్టి పోలిక కోసం అర్ధరాత్రి సంఖ్యనే ప్రమాణంగా తీసుకుని, పక్కన తేదీ, తిథి, గాలి తేటదనం, కృత్తికల లెక్క రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది అదే తిథికి అదే చోటికి వెళ్లి పోల్చి చూడవచ్చు.